‘బావా’ అని పిలిచింది... అందర్నీ!

‘ఏటి బావా, ఎప్పుడొచ్చినావు? మొహం అలా పీక్కుపోనాదేటి? కంపెనీవోల్లు తిండెట్టడం లేదా?’

శనివారం పొద్దున్నే విశాఖ నుంచి రైలెక్కి, సోంపేట స్టేషన్‌లో దిగి, ఆటో పట్టుకుని ఊళ్లోకి వచ్చేసరికి నాకు దొరికిన స్వాగతం ఇది. అన్నది మా పదో తరగతి బ్యాచ్ అమ్మాయి. పేరు రాయను, ‘తను’ అనుకుందాం. ఇక్కడే ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. పదేళ్ల తర్వాత బ్యాచ్ వాళ్లం మళ్లీ ఓ వాట్సాప్ గ్రూప్‌లో కలిశాం. శని, ఆదివారాల్లో ఊళ్లో ఎవరుంటే వాళ్లం బళ్లేసుకుని బారువ బీచ్‌కి పోతాం.

ఆ ‘బావా’ అన్న మాటకి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆ గొంతే మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. సోమవారం మీటింగ్‌లో మేనేజర్ నన్నేదో అడిగితే ‘ఏటి’ అనేశాను.

ఆ వచ్చే శనివారం అందరం టీ కొట్టు దగ్గర ఆగాం. తను బండి దిగీ దిగగానే, యాభై ఏళ్లు దాటిన కొట్టాయన్ని చూసి ‘ఏటి బావా, పంచదార మీ అత్తారింటి నుంచి తెచ్చినావా, అంత పొదుపుగా ఏస్తన్నావు!’ అంది. ఆయన పకపకా నవ్వి ఇంకో చెంచా వేశాడు. ఆ తర్వాత ఆటో డ్రైవరు బావ అయ్యాడు. మా గ్రూప్‌లో పెళ్లయి కూతురున్నవాడు కూడా బావే. నా గాలి మొత్తం అక్కడే పోయింది.

క్రష్ అందరితోనూ క్లోజ్‌గా, సరదాగా ఉండే మనిషైతే వచ్చే చిక్కు ఇదే. తక్కువ మాట్లాడే అమ్మాయి ఒక్కసారి నవ్విందంటే దానికో అర్థం ఉంటుంది. రోజుకి వందసార్లు నవ్వే అమ్మాయి నన్ను చూసి నవ్వితే అందులో నా వాటా ఎంత? ఆరు వారాలు ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టాను. అందులో తెలిసింది మీకూ పనికొస్తుందనే ఈ వారం ఇది రాస్తున్నా.

ఏడిపించడం మన దగ్గర లైసెన్స్ ఉన్న ఆట

ముందు ఊరి సంగతి చెప్పుకోవాలి. తెలుగిళ్లలో బావామరదళ్ల మధ్య వేళాకోళం తప్పు కాదు, అది హక్కు. వరసైన వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు జోకులు వేసుకోకపోతేనే ‘ఏం, గొడవేమైనా ఉందా’ అని పెద్దవాళ్లు అడుగుతారు. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త 1940లో ఇలాంటి చుట్టరికాల మీద ఒక వ్యాసం రాశాడు. కొన్ని సమాజాల్లో ఫలానా వరస వాళ్లని ఆటపట్టించవచ్చు, ఒక్కోసారి పట్టించాల్సిందే కూడా. అవతలి వాళ్లు కోపం తెచ్చుకోకూడదు. ఆయన వేరే దేశాల వాళ్ల గురించి ఎక్కువ రాసినా, చదువుతుంటే మా పెదనాన్న ఇంటి పెళ్లి వీడియో చూస్తున్నట్టే ఉంది.

మా వైపు ఈ లైసెన్స్‌ని చుట్టాలు కానివాళ్లకి కూడా ఇచ్చేస్తారు. వరస కలిపేస్తే చాలు, ఏడిపించవచ్చు. తను ‘బావా’ అనేది అందుకే. ఆ పిలుపుకి అర్థం ‘నువ్వంటే ఇష్టం’ అని కాదు. ‘ఇప్పుడు నేను ఓ జోకేస్తాను, నువ్వు ఏమీ అనుకోకూడదు’ అని. మాటకి ముందు వేసే ఇండికేటర్ లాంటిదన్నమాట.

అంటే ఇలాంటి మనిషి విషయంలో ఏడిపించడాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. ఎంత ఎక్కువ ఏడిపించినా సరే. మరి దేన్ని లెక్కలో ఉంచుకోవాలి?

మా అమ్మ చెప్పిన అరిసె సిద్ధాంతం

ఓ ఆదివారం వంటింట్లో కూర్చుని అమ్మని అడిగాను. మామూలుగానే, ‘మా ఫ్రెండ్ ఒకడికి ఇలా ఉందమ్మా’ అని మొదలెట్టాను. అమ్మ ‘ఆ ఫ్రెండుకి అన్నం పెట్టమంటావా’ అని ఓ చూపు చూసి, తర్వాత చెప్పింది.

‘పండక్కి వొచ్చినోల్లందరికీ అరిసెలు ఎడతాం కదా. అందరికీ ఎట్టిన అరిసి నీకూ ఎట్టింది. అది మర్యాద. దాసి ఎవులికి ఎట్టిందో అది సూడు.’

దీని మీద ఓ పరిశోధన జరిగిందని అమ్మకి తెలీదు. 2007లో పాల్ ఈస్ట్‌విక్, ఎలీ ఫింకెల్, మరో ఇద్దరు కలిసి అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో స్పీడ్ డేటింగ్ పెట్టి చూశారు. 156 మంది స్టూడెంట్లు, ఒక్కొక్కరితో నాలుగు నిమిషాల మాటలు. ఒకరిని మిగతా అందరికంటే ప్రత్యేకంగా ఇష్టపడితే, ఆ ఇష్టం తిరిగొచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. కలిసిన ప్రతివాళ్లనీ ఇష్టపడిన వాళ్లని మాత్రం ఎదుటివాళ్లు అంతగా ఇష్టపడలేదు. ఇష్టం ఎంత అన్నదే కాదు, మిగతావాళ్ల మీద ఉన్నదానికి ఎంత తేడాగా ఉంది అన్నది కూడా అవతలి మనిషికి తగులుతుందన్నమాట, అదీ నాలుగు నిమిషాల్లోనే.

ఒక యూనివర్సిటీ పిల్లల మీద చేసిన ప్రయోగం సోంపేటకి అతికినట్టు సరిపోతుందని నేననను. కానీ చూడాల్సింది ఎక్కడో అది చెప్పింది. ‘నాతో ఎంత బాగుంది’ అని కాదు, ‘నాతో ఉన్నప్పుడు తన మామూలు పద్ధతి ఏమైనా మారుతోందా’ అని.

నా లిస్టు, దానికి పట్టిన గతి

ఇంజినీరు బుద్ధి కదా, ఫోన్‌లో నోట్స్ తెరిచి రాసుకున్నాను. నన్ను ప్రత్యేకంగా చూస్తోంది అనిపించిన ప్రతి విషయం ఒక లైను. మొత్తం తొమ్మిది వచ్చాయి. ప్రతిదాని పక్కన ఒకే ప్రశ్న వేసుకున్నా: ఇది ఇంకెవరితోనైనా చేస్తుందా?

మొదటి ఆరూ రెండు వారాల్లోనే ఎగిరిపోయాయి. బావా పిలుపు సంగతి చెప్పేశాను. గ్రూప్‌లో నా మెసేజ్‌కి మొదటి రిప్లై తనదే. పైకి స్క్రోల్ చేసి చూస్తే అందరికీ మొదటి రిప్లై తనదే. నా చేతిలో పల్లీల పొట్లం లాక్కుంటుంది, అందరివీ లాక్కుంటుంది. నవ్వుతూ భుజం మీద కొడుతుంది, పక్కనున్న అమ్మాయిలకి ఇంకా గట్టిగా తగులుతాయి. పుట్టినరోజుకి రాత్రి పన్నెండుకి ఫోన్ చేసింది, అది ఎవరినీ వదలదు. ‘నువ్వు లేకపోతే బోరు బావా’ అంది, వారం తిరక్కుండా అదే మాట ఇంకొకడితో అంది.

ఏడోది మా నాన్న గురించి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. మా వైపు క్రియాటినిన్ అనే మాట చదువు రానివాళ్లకి కూడా తెలుసు. నాన్నకి ఆ టెస్టు చేయించిన రోజు సాయంత్రం తను విడిగా మెసేజ్ పెట్టింది, ‘మామయ్య రిపోర్ట్ ఏమొచ్చింది?’ అని. జోకు లేదు, ఎమోజీ లేదు. ఆ రోజు నేను డిసైడైపోయాను. అందరి మధ్యలో కాదు, విడిగా. అడగాల్సిన అవసరమూ లేదు. ఇంకేం కావాలి?

తర్వాత గ్రూప్‌లో ఇంకో అమ్మాయితో మాటల్లో తెలిసింది. వాళ్ల పెద్దమ్మ టెస్టు రోజు కూడా తను అలాగే అడిగింది. తన స్కూల్లో ఆయమ్మ భర్త డయాలసిస్‌కి వెళ్లే రోజులు కూడా తనకి గుర్తే. తన ఇంట్లోనే ఓ మనిషిని అలా పోగొట్టుకుందట. అందుకే మర్చిపోదు.

ఆ లైను కొట్టేస్తున్నప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. బాధతో కాదు, కాస్త సిగ్గుతో. ఓ మనిషి మంచితనాన్ని నేను నా ఖాతాలో వేసుకోబోయాను.

ఎనిమిదోది, విశాఖలో డీఎస్సీ కోచింగ్ ఎక్కడ బాగుంటుంది, లేడీస్ హాస్టళ్లు ఎలా ఉంటాయి అని నన్నొక్కణ్నే అడిగింది. నన్నొక్కణ్నే! నిజమే, గ్రూప్‌లో విశాఖలో ఉండేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి. ఇది చాలామంది జారిపడే చోటు. ‘నాతో మాత్రమే’ అనిపించినప్పుడు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. అది నేనని అడిగిందా, నా దగ్గర ఆ సమాచారం ఉందని అడిగిందా?

తొమ్మిదోది మాత్రం మిగిలింది. ఓసారి లైట్‌హౌస్ వైపు నడుస్తూ ఇంట్లో ఓ ఇబ్బంది గురించి నాతో చెప్పింది. ఎవరితోనూ అనొద్దంది. అది నిజంగా దాచిపెట్టిన అరిసే. కాకపోతే అది ప్రేమ అరిసా, స్నేహం అరిసా అన్నది దాని మీద రాసి ఉండదు. నమ్మకం ప్రేమకి ఓ మెట్టే గానీ, ఆ మెట్టు మీదే జీవితాంతం హాయిగా కూర్చునే స్నేహాలు కూడా ఉంటాయి.

నేను చూడని కాలమ్

ఇక్కడో పెద్ద తప్పు చేశాను. లిస్టు మొత్తం నా చుట్టూ రాసుకున్నాను. మిగతా అబ్బాయిలని ‘నాతో చేసింది వీళ్లతోనూ చేస్తుందా’ అని చెక్ చెయ్యడానికే చూశాను. ఎవరితోనైనా తను వేరేగా ఉందా అని చూడనేలేదు.

మా గ్రూప్‌లో పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఫ్రెండ్ ఒకడున్నాడు. సీజన్ బట్టి నెలకోసారి వస్తాడు, అదీ లేటుగా. వాడికీ తనకీ ఏదో గొడవ ఉందని నా నమ్మకం. ఎందుకంటే తను వాణ్ని ఏడిపించదు. గ్రూప్‌లో వాడు మెసేజ్ పెడితే వెంటనే రిప్లై ఇవ్వదు. ముఖ్యంగా వాణ్ని ‘బావా’ అనదు. పేరు పెట్టి పిలుస్తుంది.

ఐదో వారం, బీచ్ దగ్గర అందరం మొక్కజొన్న పొత్తులు కాల్పించుకుని తిన్నాం. ఎప్పట్లాగే తను నా పొత్తులో సగం లాగేసుకుంది. చీకటి పడుతుండగా వాడొచ్చాడు. బండి చప్పుడికి తను చెబుతున్న జోకు మధ్యలో ఆగింది. కాసేపటికి బ్యాగులోంచి ఆకుల్లో చుట్టిన పొత్తు ఒకటి తీసి, ఏమీ అనకుండా వాడి పక్కన పెట్టింది. వాడూ ఏమీ అనకుండా తీసుకున్నాడు.

అమ్మ మాట చెవిలో గింగురుమంది.

అందరితో గలగలలాడే మనిషి ఒకరి దగ్గర గలగల తగ్గిస్తే, అది కూడా తేడాయే. నేనేమో తేడా అంటే ‘ఎక్కువ’ అనుకున్నాను. ఎక్కువ నవ్వు, ఎక్కువ మెసేజ్‌లు, ఎక్కువ ఏడిపింపు. వేళాకోళం తనకి అందరి ముందూ వేసుకునే యూనిఫారం లాంటిది. అది తీసి పక్కన పెట్టేది ఎవరి దగ్గరో చూడాల్సింది.

మరి అంతకుముందు నాకెందుకు కనపడలేదు? దీనికీ ఓ జవాబుంది. 2011లో ఎరిన్ విట్‌చర్చ్, తిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ ఓ ప్రయోగం చేశారు. 47 మంది కాలేజీ అమ్మాయిలకి, కొందరు అబ్బాయిలు మీ ఫేస్‌బుక్ ప్రొఫైల్ చూశారని చెప్పారు. కొందరితో ‘వాళ్లకి మీరే బాగా నచ్చారు’ అన్నారు, కొందరితో ‘ఓ మాదిరిగా నచ్చారు’ అన్నారు, ఇంకొందరికి ఈ రెండింట్లో ఏదో తెలీదన్నారు. ఆ అబ్బాయిల మీద ఎక్కువ ఆకర్షణ కలిగింది ఏదో తేలనివాళ్లకే. వాళ్ల గురించి ఎక్కువగా ఆలోచించిందీ వీళ్లే.

అందరితో సరదాగా ఉండే క్రష్ రోజూ మనకి చేసేది ఇదే, పాపం కావాలని కాదు. ఓ రోజు అవునేమో, ఓ రోజు కాదేమో. తేలదు కాబట్టి ఆలోచిస్తాం. అంతగా ఆలోచిస్తున్నాం కాబట్టి ఇది గొప్ప ప్రేమే అయ్యుంటుందనుకుంటాం. నాకు నిద్ర పట్టకపోవడం నా సందేహానికి గుర్తు. తన మనసులో ఏముందన్నదానికి అది సాక్ష్యం కాదు.

అయినా అడిగాను

పొత్తు చూశాక కూడా ఎందుకడిగావు అంటారేమో. నేను తొమ్మిదిసార్లు తప్పు చదివినవాణ్ని. పదోసారి కరెక్టుగా చదివానని గ్యారంటీ ఏంటి? బయట నుంచి ఎంత చూసినా అది అంచనాయే. లాస్ట్ సీన్ చూడటం, ఇంకో అమ్మాయి పేరు ఎత్తి తన మొహం గమనించడం లాంటి టెస్టులు మాత్రం పెట్టలేదు. అవి పెడితే వచ్చే రియాక్షన్‌ని కూడా మళ్లీ నా ఇష్టం వచ్చినట్టే చదువుకుంటాను. పైగా తెలిస్తే మిగిలిన ఆ ఒక్క అరిసే కూడా పోతుంది.

ఆరో వారం, మహేంద్రతనయ సముద్రంలో కలిసే వైపు నడుస్తున్నప్పుడు చెప్పాను. మిగతావాళ్లు కాస్త దూరంలో ఉన్నారు. తనకి వెంటనే వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లిపోవడానికి దారి ఉండాలి కదా. ముందే అనుకుని నాలుగు ముక్కల్లో ముగించాను. ‘నాకు నువ్వంటే ఇష్టం. నువ్వు అందరితో సరదాగానే ఉంటావు, అందుకే దాన్నిబట్టి ఏమీ అనుకోవడం లేదు. నీ మనసులో ఏముందో తెలుసుకుందామని అడుగుతున్నా. లేదన్నా వచ్చే వారం నా పల్లీలు లాక్కోవచ్చు.’

తను ఆగింది. జోకు వెయ్యలేదు. మొదటిసారి, నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. బావా అనలేదు! పేరు! నా సిద్ధాంతం ప్రకారం ఇది...

‘నాకు వేరే వాళ్లంటే ఇష్టం,’ అంది మెల్లగా. ‘ఇంకా వాడితో కూడా అనలేదు. నువ్వు బాధపడతావని తెలుసు. నీకు చెప్పకుండా నవ్వించి పంపెయ్యడం మాత్రం నాకు ఇష్టం లేదు.’

గుర్తులు ఎంతవరకు పనికొస్తాయో ఆ పేరుతో నాకు పూర్తిగా అర్థమైంది. మామూలు పద్ధతి పక్కన పెట్టిందంటే ఇది తనకి ముఖ్యమైన మాట అని తెలుస్తుంది, అంతే. ఆ ముఖ్యమైన మాట అవునో కాదో నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది.

‘పొత్తు చూశాలే,’ అన్నాను. తను నోరు తెరిచి నన్ను చూసి, మొహం చేతుల్లో దాచుకుంది. ‘ఓలమ్మో, అంత తెలిసిపోతోందా?’

‘నాకు ఐదు వారాలు పట్టింది. వాడికింకా తెలిసినట్టు లేదు. నువ్వే చెప్పెయ్.’

అలా అనగలిగానంటే నేనేదో గొప్పవాణ్నని కాదు. ఆ రాత్రి అమ్మ అన్నం పెడితే సగం వదిలేశాను. అమ్మ ‘నీ ఫ్రెండుకి ఎలాగుందిరా’ అని మాత్రం అడిగి, పెరుగు వేసింది. రెండు వారాలు ఊరెళ్లలేదు. ఆఫీసులో పని ఉందని గ్రూప్‌లో పెట్టాను. తను దాన్ని చూసి, మొట్టమొదటిసారి, రిప్లై ఇవ్వలేదు. అది కూడా దయే అని ఇప్పుడనిపిస్తోంది.

మూడో వారం సోంపేటలో దిగాను. టీ కొట్టు దగ్గర అందరూ ఉన్నారు. నా చేతిలో పల్లీల పొట్లం ఉంది. తను ఓ క్షణం తటపటాయించింది. నేనే పొట్లం ముందుకి చాపాను.

‘ఏటి బావా,’ అంది లాక్కుంటూ, ‘విశాఖలో పల్లీలు కూడా ఇంత చిన్నవే దొరుకుతాయేటి?’

ఆ మాటలో ఇప్పుడు నాకు బావ అన్న పిలుపు మాత్రమే వినిపించింది. బాగుంది, నిజంగానే.